మూల దగ్గర ఆగిపోయిన షెల్

ప్లాస్టిక్ డబ్బాను కంప్యూటర్‌లో గీసేటప్పుడు మొదట గట్టి దిమ్మ తయారు చేస్తాం. పదునైన అంచుల్ని ఫిల్లెట్‌తో గుండ్రంగా మలుస్తాం. ఆ తర్వాత షెల్ ఇస్తే అడుగు తెరుచుకుని, లోపలంతా ఖాళీ అయి, సమానమైన మందంతో గోడ మిగలాలి.

మొన్న మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి అది మిగల్లేదు. "సార్, ఎన్నిసార్లు ఇచ్చినా ఎర్ర గుర్తే వస్తోంది" అన్నాడు. డబ్బా పొడవు 120 మి.మీ., గోడ మందం 2 మి.మీ. పైనున్న పొడవాటి అంచుకు రేడియస్ మారుతూ పోయే ఫిల్లెట్ ఇచ్చాడు. అది ఒక కొసన 6 మి.మీ.తో మొదలై, సమంగా తగ్గుతూ రెండో కొసకు 1 మి.మీ. అవుతుంది.

చేతి కడియం చూడండి. బయటి రేడియస్‌లోంచి మందం తీసేస్తే లోపలి రేడియస్ వస్తుంది. మన అంచు కూడా అంతే. 6 ఉన్న కొసన లోపల 4 మిగులుతుంది. సుమారు 96 మి.మీ. దూరం వెళ్లేసరికి బయటి రేడియస్ 2కు దిగుతుంది, లోపలి వంపు సున్నా అవుతుంది. ఆపైన ఉన్న 24 మి.మీ.లో లోపలి తలం తన మీద తానే మడత పడుతుంది. రేడియస్ అంచంతా ఒకటే అయితే కొన్నిసార్లు సాఫ్ట్‌వేర్ ఆ వంపును తీసేసి పదునైన మూల పెట్టి గట్టెక్కుతుంది. ఇక్కడ వంపు సగంలో మాయమవుతోంది కాబట్టి తలాన్ని ఎక్కడ కత్తిరించాలో దానికి తేలదు.

దోషం ఇదేనా అని తేల్చుకోవడానికి మందం 0.9 ఇచ్చి చూశాం, షెల్ వచ్చింది. 1.1 ఇస్తే ఆగింది. అంటే అడ్డుపడుతున్నది ఆ 1 మి.మీ. కొసే. దాన్ని 2.5 చేయగానే 2 మి.మీ. షెల్ వచ్చేసింది. లోపల 0.5 వంపు మిగిలింది.

కొందరు రేడియస్ జోలికి పోకుండా, ఫీచర్ ట్రీలో షెల్‌ను ఫిల్లెట్ కంటే పైకి లాగేస్తారు. ఎర్ర గుర్తు పోతుంది. కానీ అప్పుడు లోపలి మూల పదునుగానే ఉండిపోతుంది, బయట మాత్రం 6 మి.మీ. కోసుకుపోతుంది. ఆ మూలలో మిగిలే గోడ సుమారు 0.34 మి.మీ. తెరమీద ఏ హెచ్చరికా రాదు గానీ డబ్బా అక్కడే పగులుతుంది. బయట 1 మి.మీ. అంచు తప్పనిసరైతే వరస మార్చండి, కానీ లోపలి మూలకు విడిగా 4 నుంచి 0.5కు తగ్గే మరో ఫిల్లెట్ ఇవ్వండి. అప్పుడు మూలలో మందం 2 నుంచి 2.6 మధ్య ఉంటుంది.

ఏ దారిన వెళ్లినా షెల్ వచ్చింది కదా అని ఫైలు పంపకండి. రెండు కొసల దగ్గరా సెక్షన్ కోసి, మూలలో ఐమూలగా మందం కొలవండి.