కాడ లోపలి అంకెలు

ఫుట్‌పాత్ మీద మూడొందలకు దొరికే రే-బాన్ అసలుది కాదని కొనేవాళ్లకూ తెలుసు. చిక్కంతా ఆన్‌లైన్‌లో సగం ధరకు, తోలు పెట్టెతో సహా ఇంటికొచ్చే నకలుతోనే. ఎక్కువగా నకలు చేసే మోడళ్లలో ఒకటైన వేఫేరర్, RB2140నే తీసుకుందాం.

ముందు కాడలు తెరిచి కీలు చూడండి. అసలు దాంట్లో ఏడు పళ్లున్న లోహపు కీలు ఫ్రేమ్‌లో గట్టిగా దిగి ఉంటుంది. కాడ మడిచినప్పుడు ఒకే బిగువుతో కదులుతుంది. చౌక నకలులో పళ్లు తక్కువ, కీలు చుట్టూ జిగురు మరకలు, కాడలో ఊగులాట కనిపిస్తాయి. ఈ పళ్ల లెక్క ఈ మోడల్‌కే. మిగతా రే-బాన్లకు వేరే కీళ్లుంటాయి.

తర్వాత అద్దాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. అంచున, కీలుకు దగ్గరగా, RB అన్న చిన్న అక్షరాలు చెక్కి ఉంటాయి. గోటికి సన్నగా తగులుతాయి. నకలులో ఇవి రంగుతో అద్దినట్టుంటాయి, లేదా ఉండవు. పాత జోళ్ల మీద BL కనిపిస్తే కంగారు పడొద్దు. 1999లో లక్సోటికా కొనకముందు ఈ బ్రాండ్ బాష్ అండ్ లాంబ్‌ది. కొత్త సరుకు మీద BL ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

మంచి నకళ్లు ఇవన్నీ దాదాపు అనుకరిస్తాయి. అవి ఎక్కువగా దొరికిపోయేది కాడ లోపలి ముద్రణ దగ్గరే. ఒక జోడు మీద RB2140 901 50□22 అని ఉందనుకుందాం. మోడల్, రంగు, అద్దం వెడల్పు, ముక్కు మీది వంతెన వెడల్పు ఇందులో ఉన్నాయి. నల్ల ఫ్రేమ్, మామూలు ఆకుపచ్చ అద్దానికి 901. పోలరైజ్డ్ అద్దమైతే 901/58. అదే జోడు అద్దం మీద రే-బాన్ పేరు పక్కన P అక్షరం ఉంటే, రెండూ పొసగవు. P అంటే పోలరైజ్డ్ అని. నిర్ధారించుకోవాలంటే ల్యాప్‌టాప్ తెర ముందు జోడును మెల్లగా తిప్పండి. పోలరైజ్డ్ అయితే ఒక కోణంలో తెర నల్లబడుతుంది. స్కేలు పెట్టి అద్దాన్ని కొలిచినా 50 మిల్లీమీటర్లకు దగ్గరగా రావాలి. పెట్టె మీది లేబుల్‌లోనూ ఇవే అంకెలుండాలి.

ఇటలీలో తయారైనట్టు లేకపోతే నకలేనని కొందరంటారు. అది తప్పు. లక్సోటికాకు చైనాలోనూ, మన రాజస్థాన్‌లోని భివాడీలోనూ ఫ్యాక్టరీలున్నాయి.

ధర విషయంలో నేను చూసేది రాయితీ శాతం కన్నా లేబుల్‌నే. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద గరిష్ఠ ధర, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. అవి లేకుండా భారీ తగ్గింపు ఇస్తుంటే వెనక్కి పంపేయండి.

ఇక ఎండలోని అతినీలలోహిత కిరణాలను అద్దం ఆపుతోందా లేదా అన్నది వీటిలో ఏదీ చెప్పదు. దానికి కళ్లజోళ్ల దుకాణంలో యూవీ మీటర్ ఉంటే అందులో పెట్టించి చూడాలి. రక్షణ లేని నల్లద్దం వెనక కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలను మరింతగా లోపలికి రానిస్తుంది.