లిడ్ల్ పాత సాఫ్ట్‌వేర్‌కే ఎందుకు తిరిగెళ్లింది?

జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడ్ల్ 2011లో తన పాత సరుకుల సాఫ్ట్‌వేర్‌ను వదిలి, ఎస్‌ఏపీ ఈఆర్‌పీకి మారే పని మొదలుపెట్టింది. చిక్కు లెక్కగట్టే తీరు దగ్గర వచ్చింది. లిడ్ల్ నిల్వలకు కొన్న ధర కడుతుంది. ఎస్‌ఏపీ రిటైల్ ప్యాకేజీ మామూలుగా అమ్మే ధర కడుతుంది. లిడ్ల్ తన పద్ధతి వదల్లేదు, ప్యాకేజీనే మార్పించింది. మార్పుల మీద మార్పులతో ప్రాజెక్టు బరువెక్కి, 2018లో ఆగిపోయింది. దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి.

కాబట్టి ఏది ఉంచాలో సాఫ్ట్‌వేర్ వయసును బట్టి తేల్చకూడదు.

జీతాలు, బిల్లుల చెల్లింపుల్లాంటి అందరూ ఒకేలా చేసే పనుల సాఫ్ట్‌వేర్లను ఈఆర్‌పీలో నిశ్చింతగా కలిపేయొచ్చు. సంస్థ తనదైన తీరులో చేసే పనికి పాతదాన్నే ఉంచి, ఖాతా లెక్కలను మాత్రం ఈఆర్‌పీకి పంపితే చాలు. ఇక ఆపేయాల్సినవాటి విషయంలో తొందర పనికిరాదు: ఎవరూ వాడట్లేదనుకున్న సిస్టమ్ నుంచే నెలాఖరున పన్ను రిపోర్టుకు ఓ ఫైలు వెళ్తుండొచ్చు.