ఇయర్‌బడ్ తడవలేదు, పాట మునిగిపోయింది

పోయిన వేసవిలో ఈత కొలనుకి కొత్త ఇయర్‌బడ్స్ పెట్టుకుని వెళ్లాను. పెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్, ఐపీఎక్స్7’ అని పెద్దక్షరాల్లో ఉంది. ఫోన్‌లో పాట పెట్టి, దాన్ని ఒడ్డున కుర్చీ మీద తువ్వాలు మడతలో దాచి నీళ్లలోకి దిగాను. మెడ దాకా నీళ్లున్నంతసేపూ పాట చక్కగా వచ్చింది. గోడను కాళ్లతో తన్ని తల ముంచానో లేదో, టక్కున ఆగిపోయింది. ఊపిరి కోసం తల పక్కకు తిప్పినప్పుడు ఒక ముక్క వినిపించడం, మళ్లీ నిశ్శబ్దం. కాసేపటికి కనెక్షనే తెగిపోయింది. పైకొచ్చి తుడిచి చూస్తే బడ్స్‌కి ఏమీ కాలేదు, ఫోన్ దగ్గరికి వెళ్లగానే మళ్లీ పాడాయి.

ఈత కొట్టేవాళ్లలో చాలామంది ఈ ముచ్చట తీరక డబ్బు పోగొట్టుకుంటున్నారు. బడ్స్ పాడైపోయాయనుకుని ఇంకా ఖరీదైనవి కొంటారు, వాటితోనూ ఇదే జరుగుతుంది. ఎందుకంటే లోపం బడ్స్‌లో లేదు, నీళ్లలో ఉంది.

బ్లూటూత్ అంటే రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి దాదాపు 240 కోట్ల సార్లు ఊగుతుంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ నడిచేదీ ఇంచుమించు ఆ ఊపు మీదే. నీటి అణువుకి ఒక కొసన కొంచెం ధన విద్యుదావేశం, మరో కొసన రుణ విద్యుదావేశం ఉంటాయి. తరంగం ఊగినప్పుడల్లా అణువు దానితో పాటు అటూ ఇటూ తిరగబోతుంది, పక్క అణువులతో ఒరుసుకుంటుంది, తరంగం శక్తి వేడిగా మారిపోతుంది. ఓవెన్‌లో అన్నం వేడెక్కేది ఇలాగే. ఓవెన్ శక్తి వందల వాట్లు, బ్లూటూత్‌ది వాటులో కొన్ని వేల వంతులు. కాబట్టి నీళ్లు వేడెక్కడమేమీ తెలియదు, పాట మాత్రం పోతుంది.

ఎంత దూరంలో పోతుందో లెక్క వేసి చూద్దాం. మంచినీళ్లలో ఈ తరంగం సుమారు సెంటీమీటరుంపావుకి సగమైపోతుంది. ఇంకో సెంటీమీటరుంపావుకి అందులో సగం. అలా పది సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ లోతు వెళ్లేసరికి ఎనిమిది సార్లు సగమవుతుంది, మిగిలేది 256లో ఒక వంతు. ఇరవై సెంటీమీటర్లకి 65 వేలలో ఒక వంతు. ఇదంతా నీళ్లలోకి దిగిన తరంగం సంగతి. అసలు నీటి మట్టం దగ్గరే సగానికి పైగా అద్దం మీద వెలుగులా వెనక్కి తిరిగిపోతుంది. పైగా మన తల కూడా చాలావరకు నీరే. ఫోన్ కుడివైపు ఉండి ఎడమ చెవి నీళ్లలో ఉంటే తల కూడా అడ్డమే. సముద్రంలో ఉప్పు వల్ల పరిస్థితి మరీ ఘోరం, అక్కడ మూడు మిల్లీమీటర్లలోపే తరంగం సగమైపోతుంది.

ఫ్రీస్టయిల్‌లో పాట ముక్కలుముక్కలుగా రావడానికీ, తల పైకెత్తి బ్రెస్ట్‌స్ట్రోక్ వేస్తే తిరిగి అందుకోవడానికీ కారణం ఇదే. ఫోన్ బదులు చేతికి స్మార్ట్‌వాచ్ కట్టుకుని అందులోంచి పాట పంపినా అంతే. చెయ్యి ముందుకి చాచినప్పుడు చెవికీ వాచీకీ మధ్య అరమీటరుకి పైగా నీళ్లుంటాయి. బ్లూటూత్ 5.3 అనీ 5.4 అనీ పెట్టె మీద రాసినా లాభం లేదు. సంఖ్య పెరిగినా తరంగం మాత్రం ఆ 2.4 గిగాహెర్ట్జే.

మరి నీళ్లలో దూరం పోయే రేడియో లేదా? ఉంది. ఊపు తగ్గేకొద్దీ తరంగం లోతుకి దిగుతుంది. మునిగి ఉన్న జలాంతర్గాములకు నౌకాదళం కబురు పంపేది అలాంటి అతి తక్కువ పౌనఃపున్యం మీదే. మన వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన చేసిన కేంద్రం అందుకే. కానీ ఆ తరంగం మీద పోయేది క్లుప్తమైన సందేశం మాత్రమే, పాటను మోసే సత్తా దానికి లేదు. పైగా దానికి కావలసిన యాంటెన్నాలకు ఎకరాల కొద్దీ నేల కావాలి.

కాబట్టి తేలికైన దారి, పాటను నీళ్ల గుండా పంపకుండా చెవి దగ్గరే పెట్టుకోవడం. ఈత హెడ్‌ఫోన్లు చేసేది అదే. పదేళ్ల కిందట మనం మెడలో వేసుకు తిరిగిన ఎంపీ3 ప్లేయర్‌ను నీళ్లు చొరకుండా మూసి, తల వెనక పట్టీలో అమర్చినట్టనుకోండి. సోనీ వాక్‌మన్ పేరుతో తెచ్చిన ఈత మోడళ్లు, షాక్స్ కంపెనీ ఓపెన్‌స్విమ్ ఈ కోవలోవే. ఓపెన్‌స్విమ్ మొదటి మోడల్లో బ్లూటూత్ అసలు లేదు, 4 జీబీ నిల్వ మాత్రమే. తర్వాత వచ్చిన ప్రో మోడల్లో 32 జీబీతో పాటు ఒడ్డు మీద వాడుకోవడానికి బ్లూటూత్ కూడా పెట్టారు. నీళ్లలోకి దిగేముందు బటన్ నొక్కి ఎంపీ3కి మార్చుకోవాలి. అది మర్చిపోయి దిగి, ఇదీ పనిచేయలేదే అనుకునేవాళ్లు ఉంటారు.

నాలుగు జీబీ చాలా అనే అనుమానం వస్తుంది. మామూలు నాణ్యతలో నాలుగు నిమిషాల పాట దాదాపు 4 ఎంబీ, అంటే వెయ్యి పాటలు పడతాయి. గంట ఈతకి పదిహేను పాటలు కావాలి, అంతే. అసలు చిక్కు వేరే ఉంది. నెలనెలా డబ్బు కట్టి యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు ఇందులోకి కాపీ కావు, వాటికి తాళం ఉంటుంది. సొంతంగా కొన్న ఫైళ్లో, పాత సీడీల నుంచి తీసుకున్నవో ఉండాలి. తెర ఉండదు కనుక పాటల వరస కూడా ముందే చూసుకోవాలి. ఫైల్ పేరుకి ముందు 01, 02 అని అంకెలు వేసి, ఆ వరసలోనే కాపీ చేస్తే ఇబ్బంది తగ్గుతుంది.

శబ్దం సంగతికొస్తే, మామూలు బడ్ చెవి రంధ్రంలోకి పాడుతుంది. దాని జాలీలోకి నీళ్లు చేరితే గొంతు నొక్కినట్టవుతుంది, టర్న్ తీసుకునేటప్పుడు జారి అడుగుకి పోయే ప్రమాదమూ ఉంది. ఓపెన్‌స్విమ్ లాంటివి చెవి ముందున్న ఎముకను అదిలించి, ఆ కంపనాన్ని లోచెవికి నేరుగా అందిస్తాయి. చెవిలో ఇయర్‌ప్లగ్ పెట్టుకుంటే ఇవి ఇంకా బాగా వినిపిస్తాయి, నమ్మలేకపోతే ఒకసారి ప్రయత్నించండి. గాలిలో మాత్రం వీటి బేస్ పలచన. నడకకీ బస్సు ప్రయాణానికీ మామూలు బడ్సే మేలు.

చివరగా ఆ ఐపీఎక్స్7 గుర్తు. నిశ్చలమైన మంచినీళ్లలో, ఒక మీటరు లోతున, అరగంట ఉంచితే లోపలికి హాని చేసేంత నీరు చేరలేదని మాత్రమే దాని అర్థం. క్లోరిన్ గురించి, ఉప్పు గురించి, చేతుల విసురుకి పుట్టే ఒత్తిడి గురించి అందులో ఏమీ లేదు. పాట వినిపిస్తుందన్న మాటా లేదు. ఐపీఎక్స్8 అయితే ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారే చెప్పాలి, అది చదివి కొనండి. ఏది కొన్నా కొలనులోంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి, ఛార్జింగ్ పిన్నులు పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టండి. కొనేముందు పెట్టె మీద జీబీలు ఎన్నో వెతకండి. ఆ అంకె లేకపోతే అది వానలో తడవడానికే గానీ ఈతకి కాదు.