పసిబిడ్డ జ్వరం – ఫారన్‌హీటు అంకెను సెంటీగ్రేడులోకి మార్చే విధానం

ఎండ తీవ్రతను సెంటీగ్రేడులోను, ఒంటి వేడిమిని ఫారన్‌హీటులోను చెప్పుకొనడం మన ఇళ్లలో స్థిరపడిపోయిన అలవాటు. "వరంగల్లులో 42 డిగ్రీలు" అని పత్రికలో చదివినవారు తికమకపడరు. "పిల్లవానికి 102 ఉంది" అంటే అది ఏ కొలత అని ఎవరూ అడుగరు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చిన తరువాత వీశెలు, శేర్లు పోయి కిలోలు వచ్చాయి గాని, జ్వరం మాత్రం చాలా ఇళ్లలో పాత కొలతలోనే మిగిలింది. పెద్దవారి విషయంలో దీనివల్ల వచ్చే నష్టం స్వల్పం. పసిబిడ్డల విషయంలో అలా కాదు. బిడ్డను ఎప్పుడు ఆసుపత్రికి తీసుకొనిపోవాలో చెప్పే వైద్య నియమాలు సెంటీగ్రేడులో వ్రాయబడి ఉన్నాయి, ఇంటిలోని థర్మామీటరు ఫారన్‌హీటులో చూపుతుంది. ఈ రెండింటి నడుమ లెక్క తప్పితే రాత్రికి రాత్రే బయలుదేరవలసిన బిడ్డ తెల్లవారే వరకు ఇంటిలోనే ఉండిపోతుంది.

మన ప్రాచీనులు జ్వరానికి ముఖ్య లక్షణంగా చెప్పినది సంతాపం. శరీరము, మనస్సు రెండూ తపించడమే జ్వరమని చరకుని అభిప్రాయం. దానికి అంకె లేదు. వైద్యుడు చేతితో తాకి, నాడి చూచి, బిడ్డ ముఖం చూచి నిర్ణయించేవాడు. ఆ పద్ధతిని నేను తక్కువ చేయను. నేను నేర్చుకొన్నదీ అదే. అయితే చేతికి తెలిసేది తనకు, బిడ్డ నుదుటికి గల తేడా మాత్రమే. చన్నీళ్లలో గిన్నెలు కడిగి వచ్చిన తల్లి చేతికి మామూలు ఒళ్లు కూడ కాలినట్లు తోస్తుంది. పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చిన చేతికి నిజమైన జ్వరం కూడ చిక్కదు. అందుచేత పసిబిడ్డ ఉన్న ఇంటిలో థర్మామీటరు తప్పక ఉండాలి.

ఇక ఆ అంకె మాట. మన ఇళ్లలో "నూరు దాటితేనే జ్వరం" అనే మాట వేదవాక్యంలా చెలామణి అవుతూ ఉంది. ఈ నూరు ఎక్కడినుండి వచ్చింది? గుండ్రని సంఖ్య కనుక నోటికి పట్టింది, అంతే. జర్మనీ దేశపు వైద్యుడు వుండర్‌లిష్ వేలాదిమంది రోగుల ఒంటి వేడిని కొలిపించి 1868లో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో ఆరోగ్యవంతుని వేడిమికి ఆయన చెప్పిన సంఖ్య సెంటీగ్రేడులో 37. దానిని ఫారన్‌హీటులోకి మార్చినప్పుడు 98.6 వచ్చింది. దశాంశంతో సహా కనిపించడం వల్ల అది ఎంతో సూక్ష్మంగా కొలిచిన సంఖ్య అనిపిస్తుంది గాని, నిజానికి గుండ్రని 37కు అది అనువాదం మాత్రమే. అలాగే జ్వరానికి వైద్యులు తరచు వాడే 100.4 కూడ గుండ్రని 38కి మరొక రూపం. మన నూరు సుమారు 37.8. సెంటీగ్రేడు నియమాలలో దానికి ప్రత్యేక స్థానమేమీ లేదు.

పసిబిడ్డ విషయంలో గీత ఇంకా క్రింద ఉంది. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు అనుసరించే శిశు చికిత్సా నియమాల ప్రకారం, రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో పెట్టి చూచినప్పుడు 37.5 సెంటీగ్రేడు గాని, అంతకు మించి గాని ఉంటే అది ప్రమాద చిహ్నం. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 37.5 అంటే ఫారన్‌హీటులో 99.5. నూరుకు అర డిగ్రీ తక్కువ! ఇంటివారు "నూరు కూడ లేదు" అని ఊరట చెందే చోటనే వైద్యుడు బండి కట్టమంటాడు.

మహబూబాబాద్ జిల్లాలోని గంగారం అడవి మండలం. 2016లో జిల్లాల విభజన జరిగినప్పుడు ప్రత్యేక మండలమైంది. అక్కడి గూడేలనుండి రాత్రి వేళ పెద్ద ఆసుపత్రికి బయలుదేరడమంటే, అందునా వానాకాలంలో వాగులు పొంగినప్పుడు, చిన్న పని కాదు. కనుకనే ఆ అంకె స్పష్టంగా తెలియడం అవసరం. అటువైపునుండి ఒక తండ్రి ఒక సాయంకాలం నాకు ఫోను చేశాడు. బిడ్డకు నలభై రోజులు. "అయ్యగారూ, నూరు గూడ లేదు, తొంభైతొమ్మిది పాయింటు ఆరే ఉన్నది. పాలు జర తక్కువ తాగుతున్నది. తేనెల రంగరించి ఏదన్న మందు చెప్పుండ్రి" అన్నాడు. తేనె సంగతి ముందు చెప్పి, తరువాత లెక్క చేయించాను. ఏడాది నిండని బిడ్డకు తేనె నాలుకకు రాయడం కూడ కూడదు. దానిలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసి ప్రేగులలో విషాన్ని పుట్టించి నరాలను చచ్చుబరుస్తుంది. ఆ వయస్సున తల్లిపాలు తప్ప కషాయము, గుటిక, ఏదీ ఇంటివైద్యంగా పనికిరాదు.

లెక్క ఇది. పాఠశాలలో అందరూ నేర్చినదే. ఫారన్‌హీటు అంకెలోనుండి 32 తీసివేయాలి, వచ్చినదానిని 5చే గుణించాలి, 9చే భాగించాలి.

99.6 − 32 = 67.6
67.6 × 5 = 338
338 ÷ 9 = 37.56

అంటే సుమారు 37.6. గీత దాటింది. "నాయనా, మందు అడగవద్దు, బండి చూడు" అన్నాను. ఆ రాత్రే బిడ్డను ఆసుపత్రిలో చేర్చుకొన్నారు. కొన్ని రోజుల చికిత్స తరువాత ఇంటికి పంపారు.

అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డను ఒడిలో పెట్టుకొని 67.6ను గుణించడం అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు. దీనికి ఒక సులువు ఉంది. ఫారన్‌హీటు 95 సరిగా సెంటీగ్రేడు 35. ఫారన్‌హీటు 104 సరిగా సెంటీగ్రేడు 40. మనిషి ఒంటి వేడిమి దాదాపు ఎల్లప్పుడూ ఈ రెండు మెట్ల నడుమనే ఉంటుంది. ఆ నడుమ ఫారన్‌హీటులో 9 డిగ్రీలు, సెంటీగ్రేడులో 5. కనుక 32తో పని లేకుండా 95 నుండే మొదలు పెట్టవచ్చు. 99.6లో 95 పోగా 4.6. దానిని 5చే గుణిస్తే 23. తొమ్మిదిచే భాగిస్తే రెండున్నరకు కొంచెం పైన. దానికి 35 కలిపితే ముప్పై ఏడున్నర దాటిందని వెంటనే తెలుస్తుంది. చిన్న అంకెలు కనుక తప్పు పడే అవకాశం తక్కువ.

ఎండను లెక్కించడానికి కొందరు "30 తీసి సగం చేయి" అనే చిట్కా వాడుతారు. జ్వరానికి దానిని వాడరాదు. 99.6కు ఆ చిట్కా ప్రకారం 34.8 వస్తుంది, జ్వరమున్న బిడ్డ చల్లబడిందని అర్థమవుతుంది. అలాగే వచ్చిన జవాబును పూర్ణ సంఖ్యకు కుదించడం కూడ తగదు. 37.4ను 37 అని వ్రాసుకొంటే మొదట కొలిచిన శ్రమ అంతా వృథా. ఒక దశాంశ స్థానం తప్పక ఉంచుకోవాలి.

తేడాల విషయంలో మరొక పొరపాటు జరుగుతుంది, ఇది చదువుకొన్నవారిలోనే ఎక్కువ. మూడేళ్ల పిల్లకు సాయంకాలం 103.4 ఉంది, మందు వేసిన తరువాత 101.6కు దిగింది అనుకోండి. దిగినది ఫారన్‌హీటులో 1.8. సెంటీగ్రేడులో ఎంత? ఇక్కడ 32 తీయకూడదు. తేడాను 5చే గుణించి 9చే భాగిస్తే చాలు, సరిగా 1 డిగ్రీ. కావలసినవారు రెండు అంకెలను విడివిడిగా మార్చి చూడవచ్చు: 39.7, 38.7. సెంటీగ్రేడు డిగ్రీ పెద్దది, ఫారన్‌హీటు డిగ్రీ చిన్నది. "ఒక డిగ్రీ పెరిగింది" అన్న మాట ఒక కొలతలో అన్నదానికి, రెండవ కొలతలో అన్నదానికి దాదాపు రెండింతల తేడా.

దీనివల్లనే "చంకలో చూస్తే ఒక డిగ్రీ కలపాలి" అనే ఇంటి సూత్రం చిక్కు తెచ్చిపెడుతుంది. అది ఫారన్‌హీటు రోజులలో పుట్టిన మాట. అదే ఒక డిగ్రీని సెంటీగ్రేడు అంకెకు కలిపితే 1.8 ఫారన్‌హీటు కలిపినట్లు. నిజానికి పైన చెప్పిన 37.5 చంక కొలతకే ఏర్పరచిన గీత. దానికి ఏదీ కలపనక్కరలేదు, తీయనక్కరలేదు. థర్మామీటరు చూపినదానిని ఉన్నదున్నట్లు మార్చుకొనడమే సరియైన పద్ధతి.

లెక్క ఎంత బాగా చేసినా థర్మామీటరుకు తన హద్దు తనకుంటుంది. పదవ వంతు సెంటీగ్రేడు అటూ ఇటూ చూపడం మంచి పరికరాలకు కూడ సహజమే. కనుక 99.4 వచ్చిందని, అది 37.4 మాత్రమే కదా అని తర్కించరాదు. చంక తడి తుడిచి, బిడ్డ చేతిని ఒంటికి ఆనించి పట్టి, మరల చూడాలి. ఇంకొక సంగతి: పసికందులలో తీవ్రమైన రోగం వేడిగానే కనబడాలన్న నియమం లేదు. కొందరు బిడ్డలు చల్లబడిపోతారు. 35.5కు తక్కువ కూడ అంతే ప్రమాద చిహ్నం. ఫారన్‌హీటులో అది 95.9. బిడ్డ పాలు త్రాగకపోయినా, మగతగా పడి ఉన్నా, మూర్ఛ వచ్చినా, డొక్కలు ఎగురవేస్తున్నా అంకె కొరకు ఆగనే కూడదు.

రెండు నెలలు దాటిన పిల్లలకు గీతలు కొంత పైకి జరుగుతాయి. అవే నియమాలు వారికి జ్వరం తగ్గించే పారాసెటమాల్‌ను 38.5, అంటే 101.3, నుండి ఇవ్వమంటాయి. మోతాదు బిడ్డ బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. ఏజెన్సీ ప్రాంతంలో వానాకాలపు జ్వరమైతే, అంకె ఎంత ఉన్నా మలేరియాకు రక్తపరీక్ష చేయించవలసినదే. మలేరియానా మరొకటా అన్నది థర్మామీటరు చెప్పలేదు.

చివరగా పరికరం గురించి. గాజు థర్మామీటరు అయితే ఫారన్‌హీటు గీతలు సాధారణంగా 94 నుండి 108 వరకు, సెంటీగ్రేడు గీతలు 35 నుండి 42 వరకు ఉంటాయి. తికమకకు తావు లేదు. డిజిటల్ థర్మామీటరులో మాత్రం అంకె ప్రక్కన చిన్న అక్షరం ఉంటుంది, °F లేక °C. కొన్నింటిలో బొత్తాము ఎక్కువసేపు నొక్కితే కొలత తనంతట తాను మారిపోతుంది. నిన్న 99 చూపినది నేడు 37 చూపితే అది చెడిపోయిందని పారవేయవద్దు, ఆ అక్షరం చూడండి. ఫోనులో వైద్యునికి చెప్పేటప్పుడు కూడ అంకెతో పాటు ఆ అక్షరాన్ని, కొలిచిన వేళను, చంకలో చూచామన్న సంగతిని, అంతకుముందు మందు వేసి ఉంటే దానిని కలిపి చెప్పాలి.