లిక్విడేషన్‌కు ముందే మోగే గంట

క్రిప్టో ఎక్స్ఛేంజీలో లివరేజ్‌తో పొజిషన్ తీసుకున్నవారి తెర మీద రెండు అంకెలు ఎప్పుడూ కనిపిస్తుంటాయి. ఒకటి లిక్విడేషన్ ధర. మార్కెట్ అక్కడికి చేరితే ఎక్స్ఛేంజీయే పొజిషన్‌ను బలవంతంగా మూసేస్తుంది. రెండోది మార్జిన్ రేషియో. పొజిషన్ నిలబడడానికి కనీసం ఉండాల్సిన సొమ్మును మెయింటెనెన్స్ మార్జిన్ అంటారు. లాభనష్టాలు కలుపుకొని ప్రస్తుతం మిగిలిన మార్జిన్‌లో అది ఎంత శాతమో ఈ రేషియో చెబుతుంది. బైనాన్స్ ఫ్యూచర్స్‌లో ఇది 100 శాతానికి చేరితే లిక్విడేషన్ మొదలవుతుంది. ఓకేఎక్స్‌లో ఈ లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఒక ఎక్స్ఛేంజీ కోసం పెట్టుకున్న హెచ్చరికను ఇంకోదానికి అలాగే వాడకూడదు.

హెచ్చరికలు పెట్టుకునేవారిలో చాలామంది రేషియోనే నమ్ముకుంటారు. 50 శాతం దగ్గర ఒకటి, 80 దగ్గర ఇంకొకటి పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. బిట్‌కాయిన్ 60,000 డాలర్లు ఉన్నప్పుడు ఒకరు 0.1 బిట్‌కాయిన్‌ను 10 రెట్ల లివరేజ్‌తో కొన్నారు. పొజిషన్ విలువ 6,000 డాలర్లు, ఐసొలేటెడ్ పద్ధతిలో దానికి కేటాయించిన మార్జిన్ 600. మెయింటెనెన్స్ రేటు 0.5 శాతం అనుకుని, ఫీజులు పక్కన పెడితే, లిక్విడేషన్ ధర సుమారు 54,271 డాలర్లు. పది రెట్లు కదా, 10 శాతం పడేదాకా ఆగుతుందనుకుంటే పొరపాటే. 9.55 శాతం పడగానే కథ ముగుస్తుంది.

ధర 57,000కు దిగితే సగం మార్జిన్ పోయినట్టే. అయినా రేషియో 9.5 శాతమే చూపిస్తుంది. 55,000 దగ్గర 600లో మిగిలింది 100 డాలర్లే, రేషియో మాత్రం 27.5 శాతం. 54,500 దగ్గర 54.5 శాతానికి ఎగబాకుతుంది. 80 శాతం హెచ్చరిక మోగేసరికి ధర 54,340 దగ్గర ఉంటుంది, అంటే లిక్విడేషన్‌కు 70 డాలర్ల దూరం కూడా ఉండదు. బిట్‌కాయిన్ అంత దూరాన్ని క్షణాల్లో దాటేయగలదు. మిగిలిన మార్జిన్ హారంలో ఉంటుంది కాబట్టి, అది బాగా కరిగాకే ఈ రేషియో ఒక్కసారిగా లేస్తుంది.

కాబట్టి అంచెలను లిక్విడేషన్ ధరకు ఉన్న దూరాన్ని బట్టి పెట్టుకోవడం మేలు. బైనాన్స్ ఏపీఐ ఇచ్చే రెండు విలువలు చాలు. లాంగ్ పొజిషన్‌కు సూత్రం ఇది:

```
distance = (markPrice - liquidationPrice) / markPrice * 100
```

షార్ట్ పొజిషన్‌కు తీసివేత తిరగేయాలి. ఇక్కడ వాడాల్సింది మార్క్ ధరే, చివరి ట్రేడ్ ధర కాదు. లిక్విడేషన్‌ను తేల్చేది మార్క్ ధరే.

మన ఉదాహరణలో మొదటి అంచె 6 శాతం దూరంలో పెడితే అది 57,735 దగ్గర మోగుతుంది. అప్పుడు చూసుకోవడానికి, ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. రెండోది 3.5 శాతం, అంటే సుమారు 56,240. ఇక నిర్ణయం తీసుకోవాల్సిందే. అక్కడ మరో 200 డాలర్ల మార్జిన్ చేరిస్తే లిక్విడేషన్ ధర 52,261కి దిగి, దూరం 7 శాతానికి పెరుగుతుంది. అయితే పందెం కూడా 800 డాలర్లకు పెరిగిందని మరవకూడదు. మూడోది 1.5 శాతం, అంటే 55,098. ఇక్కడ రేషియో ఇంకా 25 శాతమే చూపిస్తుంటుంది. ఈ దూరాలు ఉదాహరణకే. ఎక్కువ ఊగే చిన్న కాయిన్లకు అంచెలు ఇంకా ఎడంగా ఉండాలి.

ధర ఒక అంచె దగ్గరే అటూ ఇటూ ఆడుతుంటే ఫోన్ పదేపదే మోగుతుంది, మనిషి దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు. 6 శాతం దగ్గర మోగిన హెచ్చరిక, దూరం మళ్ళీ 7 శాతం దాటాకే తిరిగి సిద్ధం కావాలి. ఇంతకన్నా ప్రమాదం నిశ్శబ్దం. కనెక్షన్ తెగితే పాత ధరే కనిపిస్తూ, అంతా బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే నిమిషం పాటు కొత్త ధర రాకపోతే అదీ ఒక హెచ్చరికగా మోగాలి.

క్రాస్ పద్ధతిలో ఖాతాలోని సొమ్మంతా ఉమ్మడి కాబట్టి, ఇంకో కాయిన్‌లో నష్టం వచ్చినా, ఫండింగ్ చెల్లించినా ఈ లిక్విడేషన్ ధర కదులుతుంది. పొజిషన్ తీసుకున్న రోజు రాసిపెట్టుకున్న అంకె అక్కడ పనికిరాదు. ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోవాలి.

2025 అక్టోబరు 10న చైనా సరుకులపై అమెరికా కొత్త సుంకాలు ప్రకటించాక మార్కెట్ కుప్పకూలింది. కాయిన్‌గ్లాస్ లెక్క ప్రకారం 24 గంటల్లో 1,900 కోట్ల డాలర్లకు పైగా పొజిషన్లు లిక్విడేట్ అయ్యాయి. అలాంటి రోజున మూడు అంచెలూ వెంటవెంటనే మోగి, ఫోన్ చేతిలోకి తీసుకునేలోపే అంతా అయిపోవచ్చు. అందుకే మూడో అంచె దగ్గర, 55,000 చుట్టూ, మార్క్ ధరకు ముడిపెట్టిన స్టాప్ లాస్ ఆర్డర్‌ను ముందే ఎక్స్ఛేంజీలో ఉంచాలి. మనిషి నిద్రలో ఉన్నా అది పనిచేస్తుంది. పతనం మరీ వేగంగా ఉంటే మాత్రం, అనుకున్నదానికన్నా తక్కువ ధరకే అమ్ముడుపోవచ్చు.