పది గంటలకు పది నిమిషాలు

డెంగీ ప్రచారానికి ఇంగ్లిష్‌లో బాగా నలిగిన నినాదం ఒకటుంది: ‘ఫైట్ ద బైట్’. రెండు చిన్న మాటలు ప్రాసతో ఠక్కున మోగుతాయి, అందుకే గుర్తుంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి దింపితే ‘కాటుతో పోరాడండి’ అవుతుంది. ప్రాస పోయింది సరే, అర్థమూ పక్కకు పోయింది. మనకు కాటేసేది పాము, దోమ కుడుతుంది. ఆ పోస్టర్ చూసినవాడికి ముందు తట్టేది పాములవాడే.

ఇక్కడ అనువదించాల్సింది నినాదాన్ని కాదు, దాని వెనకున్న పనిని. డెంగీ దోమ నిలవ నీళ్లున్న పాత్రల్లో, నీటి అంచుకు కాస్త పైన గోడకు గుడ్లు అంటిస్తుంది. గుడ్డు దోమై ఎగరడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. నీళ్లు పోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి ఏ భాషలో రాసినా మూడు సంగతులు మిగలాలి: వారానికోసారి చేయాలి, నీళ్లు తీసేయాలి, లోపలి గోడ రుద్దాలి. రాయబోయే ముందు ఈ మూడింటినీ మామూలు వాక్యాల్లో కాగితం మీద పెట్టుకుని, తెలుగు రాసేవారికీ ఇంగ్లిష్ రాసేవారికీ విడివిడిగా ఇవ్వాలి. ఒకరి నినాదాన్ని రెండోవారికి చూపించకపోవడమే మంచిది. చూస్తే చేయి దానివెంటే పోతుంది.

ఇలా బాగా కుదిరిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం ‘దస్ హఫ్తే, దస్ బజే, దస్ మినిట్’ అంది. పది వారాల పాటు ఆదివారం పదింటికి పది నిమిషాలు ఇల్లు చూసుకోమని. మరుసటి ఏడాది మే నెలలో, అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ తెలంగాణలో మొదలుపెట్టిన కార్యక్రమం పేరు ‘ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు’. ఇందులో ‘పది వారాలు’ లేదు. దాని చోటులో ‘ప్రతి’ వచ్చింది, ప్రతి-పది-పది అని ‘ప’కారం వరసగా పడింది. ఆటో మీద మైకులో చెప్పినా చెవికి అందుతుంది. ఇదే ఇంగ్లిష్‌లో కావాలంటే ‘టెన్ యాట్ టెన్, ఎవ్రీ సండే’ అంటే సరిపోతుంది.

క్రియల దగ్గరా ఇదే తేడా. ఇంగ్లిష్‌లో ‘టిప్ ఇట్, స్క్రబ్ ఇట్’ అన్నప్పుడు దెబ్బ మొదటి మాట మీద పడుతుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి లయ కూడా చివరే దొరుకుతుంది: ‘వంచేయండి, తోమేయండి, బోర్లించేయండి’. దీన్ని వదిలేసి ‘దోమల ఉత్పత్తి స్థానాలను నిర్మూలించండి’ అని రాస్తే ఏ అమ్మా లేచి తొట్టి దగ్గరకు వెళ్లదు.

అసలు చిక్కు మాటల్లో కాదు, ఇళ్లలో ఉంది. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే వీధిలో ‘నీళ్లు పారబోయండి’ అంటే జనం మండిపడతారు, అది న్యాయమే. అక్కడి పోస్టర్ ‘నీళ్లు పట్టే ముందు డ్రమ్ము తోమండి, పట్టాక గుడ్డ కట్టండి’ అనాలి. బొమ్మలో డ్రమ్ము, పాత టైరు, కొబ్బరి చిప్ప, పెరట్లో వాడని రోలు ఉండాలి. ఇంగ్లిష్ పోస్టర్ ఎక్కువగా అపార్ట్‌మెంట్ లిఫ్టులో అంటిస్తారు. అక్కడ ఈ బొమ్మలు పనికిరావు. మొక్కల కుండీ కింది పళ్లెం, కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే కావాలి.

‘ఫ్రైడే డ్రై డే’ సంగతీ చెప్పాలి. ఇంగ్లిష్‌లో ప్రాస ముచ్చటగానే ఉంది. కానీ మన దగ్గర డ్రై డే అంటే మద్యం షాపులు మూసే రోజు. తెలుగు లిపిలో రాసినంత మాత్రాన అది తెలుగు సందేశం అయిపోదు. ‘శుక్రవారం తొట్లు ఆరబెట్టే రోజు’ అనడం మేలు.

అచ్చుకు పంపే ముందు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది, సంగతి తెలియని మూడో మనిషితో ఒక్కో పోస్టర్‌లో ఉన్న పనులు రాయించడం. ఒకదాంట్లో ‘రుద్దడం’ ఉండి రెండోదాంట్లో జారిపోతే అప్పుడే దొరుకుతుంది. రెండోది, చదివినవారి దగ్గర పోస్టర్ తీసేసుకుని ‘ఇంటికెళ్లి ఏం చేస్తారు, ఎప్పుడు?’ అని అడగడం. ‘డెంగీ ప్రమాదకరమండి’ అన్నారంటే పోస్టర్ పని చేయలేదు. ‘ఆదివారం డ్రమ్ము తోముతా’ అంటే చేసింది. అపార్ట్‌మెంట్‌లో ‘అవన్నీ అసోసియేషన్ చూసుకుంటుంది’ అన్న జవాబు వస్తే, ఇంగ్లిష్ పోస్టర్‌లో ‘మీ ఫ్లాట్ లోపల’ అన్న మాట పై వరసలోకి తేవాలి.