నానిన పండు, మాడిన పంచదార

కేరళ వాళ్ల క్రిస్మస్ ప్లమ్ కేకును కోస్తే లోపల ముదురు గోధుమ రంగు కనబడుతుంది. కోకో పొడి వేశారేమో అనుకుంటాం. నిజానికి ఆ రంగు మాడబెట్టిన పంచదారది. ముక్క రోజుల తరబడి ఎండిపోకుండా ఉండటం నానబెట్టిన పండ్ల చలవ. తలశ్శేరిలో బేకరీ నడిపిన మాంబళ్లి బాపు 1883లో, మర్డోక్ బ్రౌన్ అనే తోటల యజమాని ఇచ్చిన ఇంగ్లండు కేకును చూసి తనూ ఒకటి చేశాడని, అందులో బ్రాందీకి బదులు స్థానికంగా పండ్లతో చేసిన సారా పోశాడని అక్కడ చెప్పుకుంటారు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా రమ్ పోస్తారు.

ముందు పండ్ల సంగతి. ఎండుద్రాక్షలో తేమ చాలా తక్కువ. దాన్ని అలాగే పిండిలో కలిపితే కేకు తేమను తనలోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులకే ముక్క పొడిపొడిగా రాలుతుంది. ముందే కడుపునిండా తాగిన పండుకు ఆ అవసరం ఉండదు.

పావుకిలో మైదాతో చేసే కేకుకు 400 గ్రాముల పండ్లు చాలు. నల్ల ఎండుద్రాక్ష, కిస్మిస్, గింజ తీసిన ఖర్జూరం, కొంచెం నారింజ తొక్క మురబ్బా తీసుకోవచ్చు. బజారు ఎండుద్రాక్ష ఒకదానికొకటి అంటుకోకుండా నూనె పట్టిస్తుంటారు. అందుకని గోరువెచ్చని నీళ్లలో కడిగి, బట్టమీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఖర్జూరాన్ని ద్రాక్షంత ముక్కలు చేసి, అన్నింటినీ పొడి గాజు సీసాలో వేసి 150 మిల్లీలీటర్ల రమ్ పోయాలి. నెల రోజులు నానితే రుచి గుండ్రబడుతుంది, వారమైనా సరిపోతుంది. పండ్లు ఉబ్బుతూ రమ్‌ను పీల్చేస్తాయి కాబట్టి రెండు మూడు రోజులకోసారి సీసాను తిప్పి పెట్టాలి, పైపండ్లు తేలి ఆరిపోతుంటే ఇంకొంచెం పోయాలి. బూజుపట్టేది అక్కడే. నురగ, పులిసిన వాసన కనబడితే ఆ సీసాను వాడొద్దు.

జీడిపప్పు, టూటీ ఫ్రూటీ ఇందులో వేయకూడదు. పప్పు మెత్తబడుతుంది, టూటీ ఫ్రూటీ రంగు కారుతుంది. వాటిని పిండి కలిపేటప్పుడే వేస్తే మేలు.

రమ్ వద్దనుకుంటే నారింజ రసం. కేకు కాలేటప్పుడు మద్యం అంతా ఆవిరైపోదు, కొంత మిగులుతుంది. కాబట్టి పిల్లలున్న ఇళ్లకు రసమే మంచిది. అయితే రసాన్ని వారాల తరబడి నిల్వ ఉంచలేం. పండ్లను రసంలో చిన్నమంట మీద పది నిమిషాలు ఉడికించి, చల్లార్చి, ఆ రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడే వాడేయాలి.

ఇక పంచదార. అరిసెలకు పాకం పట్టేవాళ్లు ఇక్కడ తడబడతారు. వాళ్లు ముదురుపాకం దాటితే చెడిందంటారు, ఈ కేకుకు అసలు పని అక్కడే మొదలవుతుంది. అడుగు మందమైన గిన్నెలో 100 గ్రాముల పంచదార, రెండు చెంచాల నీళ్లు వేసి మధ్యమంట మీద పెట్టాలి. గరిటెతో కలిపితే మళ్లీ పలుకులు కడుతుంది కాబట్టి గిన్నెనే తిప్పుతుండాలి. నీరంతా ఇంకాక తేనె రంగు వస్తుంది. తరువాత ఎర్రబారుతుంది. ఇక్కడ ఆపితే ఐస్‌క్రీమ్ మీద పోసుకునే పాకమవుతుంది, కేకుకు రంగు ఇవ్వదు. ఇంకాసేపు ఆగితే ముదురు కాఫీ రంగుకు వస్తూ సన్నని పొగ లేస్తుంది. అప్పుడే మంట కట్టేయాలి, గిన్నె వేడికే అది ఇంకొంచెం ముదురుతుంది.

వెంటనే పావు కప్పు మరుగుతున్న నీళ్లు, మొహం దూరంగా పెట్టి కొంచెం కొంచెంగా పోయాలి. పాకం వేడి 180 డిగ్రీలు దాటి ఉంటుంది, అందుకే నీరు పడగానే ఎగజిమ్ముతుంది. పిల్లల్ని ఆ గదిలోంచి పంపేయడమే మంచిది. చన్నీళ్లు పోస్తే గట్టిగా గడ్డకడుతుంది. అలా జరిగినా కంగారు లేదు, చిన్నమంట మీద పెడితే కరిగిపోతుంది.

తెల్ల పళ్లెం మీద ఒక చుక్క వేసి చూడండి. ఎర్రటి గోధుమ రంగు రావాలి, నాలుక మీద తీపి తగ్గి కాస్త చేదు తగలాలి. పంచదార విడిపోయిన కొద్దీ తీపి తగ్గి చేదు పెరుగుతుంది. అందుకే ఈ పాకం కేకును మరీ తియ్యగా చేయదు. నల్లగా మారి ముక్కుకు ఘాటుగా గుచ్చే పొగ వచ్చిందంటే మాత్రం దాన్ని బాగుచేయలేం. ఎంత పంచదార కలిపినా ఆ చేదు కేకంతటా పాకుతుంది. పారబోసి కొత్తగా చేయడమే దారి.

పాకం పూర్తిగా చల్లారాకే వెన్న, గుడ్ల మిశ్రమంలో కలపాలి. వేడిగా పోస్తే వెన్న కరిగి, గిలక్కొట్టి చేర్చిన గాలంతా పోతుంది, కేకు పొంగదు. పండ్లను వడకట్టి, మైదాలోంచే రెండు చెంచాలు తీసి వాటికి పట్టించి చివర్లో కలిపితే కొంతవరకు అడుగుకు చేరకుండా ఉంటాయి. పిండే పలచనైతే ఆ పొడి కూడా ఆపలేదు. సీసాలో మిగిలిన రమ్‌ను పారేయొద్దు. కేకు దించి, వేడి తగ్గాక పుల్లతో గుచ్చి పైన రెండు మూడు చెంచాలు చల్లి, బటర్ పేపర్‌లో చుట్టిపెట్టండి. మర్నాటికంటే నాలుగో రోజు ముక్క బాగుంటుంది.